కాల్ రికార్డింగులు, వాయిస్ నోట్లు: ఏవి ఉంచాలో తేల్చుకుని మిగతావి తీసేయడం ఎలా

స్టోరేజ్ నిండిపోయిందని మా అన్నయ్య ఫోన్‌లో వారం రోజుల పాటు మెసేజ్ వస్తూనే ఉంది. ఫొటోలు తీసేశాడు, వీడియోలు తీసేశాడు. రెండు రోజులు గడిచేసరికి మళ్లీ అదే మెసేజ్. చివరికి ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. తెరిచి చూస్తే కాల్ రికార్డింగుల ఫోల్డర్ ఒక్కటే 11 జీబీ ఉంది, అందులో 6,200 ఫైళ్లు. 2022లో ఫోన్ కొన్నప్పుడు ఆటోమేటిక్ రికార్డింగ్ ఆన్ చేసి, ఆ సంగతే మర్చిపోయాడు. "అన్నీ ఒకేసారి తీసేయనా?" అని అడిగితే వద్దన్నాడు. మా నాన్న 2023లో పోయారు. ఆయన గొంతు ఆ కుప్పలో ఎక్కడో ఉంది.

మీ ఫోన్‌లోనూ ఇలాంటి కుప్పే ఉంటే, ముందు ఒక చిన్న లెక్క చూడండి. అన్నయ్య ఫోన్‌లో ఒక నిమిషం రికార్డింగ్ సుమారు అర ఎంబీ. అంటే 11 జీబీ దాదాపు 22,000 నిమిషాలు, 366 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున విన్నా నెలన్నర పడుతుంది. కాబట్టి వింటూ ఏరుకోవడం జరిగే పని కాదు. ఫైలు పేరు, తేదీ, సైజు చూసి ఏరాలి. చెవి పెట్టాల్సింది చివర్లో, అదీ కొద్దిపాటి ఫైళ్లకే. ఈ పద్ధతిలో మాకు రెండు సాయంత్రాలు పట్టింది.

ఇక్కడ చెప్పేదంతా ఆండ్రాయిడ్ ఫోన్ల గురించి. ఐఫోన్‌లో కాల్ రికార్డింగ్ ఐఓఎస్ 18.1తో వచ్చింది. అక్కడ ప్రతి కాల్‌కూ మనమే బటన్ నొక్కాలి, రికార్డింగులు నోట్స్ యాప్‌లో చేరతాయి. అందువల్ల తెలియకుండా పేరుకుపోయే బెడద అక్కడ తక్కువ.

ముందు కొత్తవి రాకుండా ఆపండి

కుళాయి కట్టకుండా నేల తుడిస్తే లాభం లేదు. ఫోన్ యాప్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో కాల్ రికార్డింగ్ అనే చోటికి వెళ్లండి. శాంసంగ్‌లో ఇది Record calls కింద Auto record calls అని ఉంటుంది. ఏరివేత పూర్తయ్యేదాకా దాన్ని ఆఫ్ చేయండి. తర్వాత మళ్లీ కావాలంటే ఎలా పెట్టుకోవాలో చివర్లో చెబుతాను.

అవి ఎక్కడున్నాయో చూడండి

ఇప్పుడు ఫైల్ మేనేజర్ తెరవండి. కొత్త శాంసంగ్ ఫోన్లలో రికార్డింగులు `Recordings/Call` ఫోల్డర్‌లో ఉంటాయి. పాత షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో `MIUI/sound_recorder/call_rec` లో ఉంటాయి. వేరే ఫోన్ అయితే ఫైల్ మేనేజర్‌లో `Call` అని గానీ `Record` అని గానీ వెతికితే ఫోల్డర్ దొరుకుతుంది.

గూగుల్ ఫోన్ యాప్ సంగతి వేరు. దాని రికార్డింగులు యాప్ లోపలే ఉంటాయి, ఫైల్ మేనేజర్‌కు కనిపించవు. కాల్ హిస్టరీలో ఆ కాల్ మీద నొక్కి అక్కడి నుంచే వినాలి, అక్కడి నుంచే బయటికి షేర్ చేయాలి. మీది ఆ యాప్ అయితే, ఉంచుకోవాల్సినవి ఒక్కొక్కటిగా షేర్ చేసి దాచుకున్నాక మాత్రమే మిగతావి తీసేయండి.

ఫోల్డర్ దొరికాక ఒక ఫైలు పేరును జాగ్రత్తగా చదవండి. అన్నయ్య ఫోన్‌లో పేర్లు ఇలా ఉన్నాయి:

```
Call recording Nanna_220614_193012.m4a
```

మాట్లాడిన మనిషి పేరు, తర్వాత తేదీ, తర్వాత సమయం. అంటే 2022 జూన్ 14, రాత్రి ఏడున్నర. షావోమీలో పేరు పక్కన నంబరు కూడా ఉంటుంది, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటుంది. మనం చేయబోయే పనంతా ఈ పేరు మీదే నడుస్తుంది.

తీసేయడానికి ముందు, ఉంచాల్సినవి ఏరండి

చాలామంది ఇక్కడ తిరగేసి చేస్తారు. ముందు చిన్న ఫైళ్లన్నీ పనికిరానివని తీసేస్తారు, తర్వాత ముఖ్యమైనవి వెతుకుతారు. మేము అలా చేసి ఉంటే నాన్న కాల్స్‌లో సగం పోయేవి. ఆయన ఫోన్‌లో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "చేరావా? సరే, తిను" అని పెట్టేసేవారు. అవన్నీ పది, పన్నెండు సెకన్ల ఫైళ్లు. సైజు చూసి ఏరితే మొదట చెత్తలోకి వెళ్లేవి అవే. అందుకే ముందు మనుషుల పేర్లతో వెతకండి, సైజు జోలికి తర్వాత వెళ్లండి.

వెతికేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. రికార్డ్ అయిన రోజున కాంటాక్ట్ ఏ పేరుతో సేవ్ అయి ఉందో, ఫైలుకు ఆ పేరే పడుతుంది. తర్వాత మీరు కాంటాక్ట్ పేరు మార్చినా పాత ఫైళ్ల పేర్లు మారవు. అప్పటికి నంబరు సేవ్ చేసి ఉండకపోతే పేరు బదులు నంబరే ఉంటుంది. మేము `Nanna` అని వెతికితే 38 ఫైళ్లే వచ్చాయి. అన్నయ్య ముఖం వాడిపోయింది. ఇంతేనా అన్నాడు. కాసేపు ఆలోచిస్తే, మొదట్లో `Dad New` అని సేవ్ చేసిన సంగతి గుర్తొచ్చింది. `Dad` అని వెతికితే ఇంకో 71 దొరికాయి. కొత్త ఫోన్ కొన్న మొదటి వారం కాంటాక్టులు పూర్తిగా ఎక్కలేదు కాబట్టి, నాన్న నంబరు చివరి ఐదు అంకెలు టైప్ చేశాం. మరో 14 వచ్చాయి. మొత్తం 123.

కాబట్టి మీకు ముఖ్యమైన ప్రతి మనిషికీ మూడు రకాలుగా వెతకండి: ఇప్పటి పేరు, పాత పేర్లు, నంబరు చివరి అంకెలు. కాంటాక్టులు తెలుగులో సేవ్ చేసే అలవాటుంటే తెలుగులోనూ వెతకండి.

ఇంకొకరి ఫోన్‌లోంచి మాట్లాడినవి మాత్రం ఇలా దొరకవు. చివరి రెండు నెలలు అమ్మ ఫోన్‌లోంచే నాన్న మాట్లాడేవారు. అమ్మ పేరుతో 400కు పైగా రికార్డింగులున్నాయి. అన్నీ వినలేదు. ఫోల్డర్‌ను పేరు వరసలో సర్దితే ఒక మనిషి ఫైళ్లన్నీ ఒకే చోటికి వస్తాయి, అందులోనూ తేదీ వరసలో ఉంటాయి. ఆ రెండు నెలలవి చూస్తే 30 ఫైళ్లు తేలాయి. ఒక్కోటి మొదటి అర నిమిషం, మధ్యలో కాస్త విన్నాం. ఆరింటిలో నాన్న ఉన్నారు. ఒకదాంట్లో అమ్మ మాట్లాడుతుండగా వెనక నుంచి ఆయన దగ్గు, "ఎవరూ?" అన్న మాట, అంతే. అన్నయ్య దాన్నీ ఉంచుకున్నాడు.

మనుషుల తర్వాత పని కాల్స్. ఇక్కడ పేరుతో కన్నా తేదీతో వెతకడం సులువు. డబ్బు ఇచ్చిన రోజు, ఒప్పందం మాట్లాడుకున్న రోజు, ఫిర్యాదు నమోదు చేసిన రోజు ఎప్పుడో మెసేజ్‌లలోనో ఈమెయిల్‌లోనో ఉంటుంది. ఆ తేదీని ఫైలు పేరులో ఉన్న తీరులో, ఉదాహరణకు `_230918` అని టైప్ చేస్తే ఆ రోజు కాల్స్ అన్నీ వస్తాయి. అన్నయ్యకు ఇలా 11 ఫైళ్లు తేలాయి. వివాదం ఇంకా నడుస్తున్న కాల్ ఏదైనా ఉంటే దాన్ని కత్తిరించకండి, వేరే ఫార్మాట్‌లోకి మార్చకండి, వాట్సాప్‌లో పంపి ఆ కాపీని దాచుకోవడంతో సరిపెట్టకండి. అసలు ఫైలును ఉన్నది ఉన్నట్టుగా ఉంచండి. తర్వాత దాన్ని ఎవరికైనా చూపించాల్సి వస్తే అసలు ఫైలే అడుగుతారు.

ఏరిన ప్రతి ఫైలునూ ఒక్కసారి కాసేపు విని చూడండి. కొన్ని రికార్డింగ్ యాప్‌లు అవతలి మనిషి గొంతును సరిగా పట్టవు, మన గొంతే వినిపిస్తుంది. అలాంటిది ఎన్నేళ్లు దాచినా ప్రయోజనం ఉండదు.

ఉంచినవాటిని రెండో చోటికి చేర్చండి

ఫోన్‌లో రికార్డింగుల ఫోల్డర్‌కు బయట కొత్త ఫోల్డర్ ఒకటి చేసి, ఏరినవి అందులోకి కాపీ చేయండి. రికార్డింగుల ఫోల్డర్ లోపలే చేస్తే, తర్వాత అన్నీ సెలెక్ట్ చేసి తీసేసేటప్పుడు ఇదీ పోతుంది. పేరు మార్చాలనిపిస్తే ఉన్న పేరుకు ముందు రెండు మాటలు చేర్చండి, అంకెలను మాత్రం ముట్టుకోకండి. కంప్యూటర్‌కు కాపీ చేసినప్పుడు ఫైలు తేదీ కొన్నిసార్లు ఆ రోజు తేదీగా మారిపోతుంది. అప్పుడు అసలు తేదీ తెలిసేది పేరులో ఉన్న అంకెల వల్లే.

తర్వాత ఆ ఫోల్డర్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కో, పెన్‌డ్రైవ్‌కో, మీ క్లౌడ్ స్టోరేజ్‌కో కాపీ చేయండి. కట్ చేసి పేస్ట్ చేయకండి. మధ్యలో కేబుల్ కదిలితే కొన్ని ఇటూ కాకుండా, అటూ కాకుండా పోతాయి. కాపీ పూర్తయ్యాక రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు ఒకటేనా చూడండి. మొదటిది, మధ్యలోది, చివరిది కొత్త చోట తెరిచి వినండి. అన్నయ్యవి 140 ఫైళ్లు, మూడు వందల ఎంబీ కూడా లేవు. 11 జీబీలో అతనికి నిజంగా కావలసింది అంతే.

ఇప్పుడు తీసేయడం

ఇక్కడి నుంచి పని వేగంగా సాగుతుంది. ముందు ఫోల్డర్‌ను సైజు వరసలో, పెద్దవి పైకి వచ్చేలా సర్దండి. అన్నయ్య ఫోన్‌లో పై 300 ఫైళ్లే దాదాపు 5 జీబీ తిన్నాయి. అన్నీ ఆఫీసు మీటింగులు, స్నేహితులతో అరగంట కబుర్లు. పేర్లు ఒకసారి పై నుంచి కిందికి చూసి తీసేశాం. స్టోరేజ్ టెన్షన్ మాత్రమే తీరాలనుకుంటే ఇక్కడితో ఆగినా చాలు.

తర్వాత చిన్నవి. నిమిషానికి అర ఎంబీ లెక్కన 250 కేబీ లోపువి అర నిమిషం లోపు కాల్స్. మీ ఫోన్ లెక్క వేరేగా ఉండొచ్చు, ఒక ఫైలు తెరిచి దాని నిడివీ సైజూ పోల్చుకుంటే తెలిసిపోతుంది. అన్నయ్య ఫోన్‌లో ఇలాంటివి 2,400 ఉన్నాయి, కానీ అన్నీ కలిపి 0.3 జీబీయే. జాగా పెద్దగా ఖాళీ కాదు గానీ, జాబితా సగానికి తగ్గి మిగతావి చూడటం తేలికవుతుంది.

మిగిలినవి నెలల వారీగా తీసేయండి. `_2203` అని వెతికితే 2022 మార్చివి వస్తాయి, వాటితో పాటు వేరే నెలల్లో రాత్రి 10:03కు మొదలైన కాల్స్ ఒకటీ రెండూ కూడా రావొచ్చు. మూడు వేల ఫైళ్లు ఒకేసారి సెలెక్ట్ చేస్తే ఫైల్ మేనేజర్ బిగుసుకుపోవచ్చు. అప్పుడు ఏవి పోయాయో ఏవి మిగిలాయో తెలియదు. నెలకో విడత అయితే ఎక్కడిదాకా వచ్చామో మనకు తెలుస్తుంది.

తీసేశాక కూడా స్టోరేజ్ తగ్గలేదంటే కంగారు పడకండి. చాలా ఫైల్ మేనేజర్లు తీసేసినవాటిని ట్రాష్‌లో పెడతాయి. శాంసంగ్ మై ఫైల్స్, ఫైల్స్ బై గూగుల్ రెండింటిలోనూ అవి 30 రోజులు ఉంటాయి. ఫోన్ మరీ నిండిపోయి లేకపోతే ఒక వారం ఆగి ట్రాష్ ఖాళీ చేయండి. ఆ వారంలోనే ఎవరో ఒకరు గుర్తొస్తారు. అన్నయ్యకు నాలుగో రోజు తన పాత మాస్టారు గుర్తొచ్చారు, రెండు ఫైళ్లు వెనక్కి తెచ్చుకున్నాం.

ఫోన్ కంపెనీ క్లౌడ్‌లో రికార్డింగులు సింక్ అయ్యేలా పెట్టి ఉందేమో కూడా చూడండి. సింక్ ఆన్‌లో ఉంటే ఫోన్‌లో తీసేసినవి క్లౌడ్‌లోనూ పోవచ్చు. కాబట్టి దాన్ని బ్యాకప్‌గా లెక్కపెట్టకండి.

వాయిస్ నోట్లకు పద్ధతి వేరు

వాట్సాప్ వాయిస్ నోట్లు ఈ ఫోల్డర్‌లో ఉంటాయి:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Voice Notes
```

లోపల వారానికో ఫోల్డర్. `202324` అంటే 2023లో 24వ వారం. అందులో ఫైలు పేరు `PTT-20230614-WA0007.opus` లాగా ఉంటుంది. తేదీ ఉంది, కానీ మనిషి పేరు లేదు. కాల్ రికార్డింగులకూ వీటికీ ఉన్న తేడా ఇదే. ఫోల్డర్‌లో కూర్చుని చూస్తే ఎవరు మాట్లాడారో తెలియదు. అందుకే కాల్ రికార్డింగులను ఫోల్డర్‌లో ఏరాలి, వాయిస్ నోట్లను చాట్‌లో ఏరాలి.

వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపొచ్చు. వాయిస్ నోట్లు మాత్రం ఆ సెట్టింగ్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ డౌన్‌లోడ్ అవుతాయి. అలాగని ఇవి పెద్ద జాగా తినవు. నిమిషానికి వంద, రెండొందల కేబీ దగ్గర ఉంటాయి. జాగా కోసమే అయితే వీటి జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు. వేల కొద్దీ పోగై, కావలసింది దొరకడం లేదనుకుంటే మాత్రం ఇలా చేయండి.

ముఖ్యమైన మనిషి చాట్ తెరవండి. మీడియా జాబితాలో వాయిస్ నోట్ల కోసం చూడకండి, చాట్‌లోనే పైకి జరుపుకుంటూ వెళ్లాలి. చాట్ సెర్చ్‌లో క్యాలెండర్ గుర్తు నొక్కితే కావలసిన తేదీకి నేరుగా వెళ్లొచ్చు, పుట్టినరోజులు, ప్రయాణాలు, ఆస్పత్రి రోజులు అలా దొరుకుతాయి. వినేటప్పుడు వేగం 1.5 గానీ 2 గానీ పెట్టుకోండి. ఉంచాలనుకున్నదాన్ని నొక్కి పట్టి స్టార్ పెట్టండి.

స్టార్ గుర్తు మాత్రమే, అది భద్రం కాదు. వాట్సాప్ పోతే స్టార్ కూడా పోతుంది. అందుకని స్టార్ పెట్టినవాటిని నొక్కి పట్టి, షేర్‌తో మీ క్లౌడ్‌కో ఈమెయిల్‌కో పంపించి, అక్కడ మనిషి పేరూ తేదీ కలిపి పేరు పెట్టండి. `opus` ఫైలు కొన్ని ప్లేయర్లలో తెరుచుకోదు. వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరుచుకుంటుంది. మార్చాల్సిన పని లేదు.

ఆ తర్వాత మిగతావి. పనికిరాని చాట్లు, గ్రూపులు ఉంటే చాట్‌ను క్లియర్ చేయండి. స్టార్ పెట్టిన మెసేజ్‌లు కూడా తీసేయాలా అని అడిగే టిక్ అక్కడ ఉంటుంది, దాన్ని తీసేసి ముందుకు వెళ్లండి. రాసిన మెసేజ్‌లు ఉండి, పాత వాయిస్ నోట్లు మాత్రమే పోవాలంటే ఫోల్డర్‌కు వెళ్లి పాత వారాల ఫోల్డర్లు తీసేయొచ్చు. అప్పుడు చాట్‌లో వాయిస్ నోట్ గుర్తు అలాగే కనిపిస్తుంది, నొక్కితే మోగదు. ఏ చాట్‌దైనా సరే, ఆ వారానివన్నీ ఒకేసారి పోతాయి కాబట్టి, ముఖ్యమైన మనుషులందరివీ బయట దాచుకున్నాకే ఈ పని చేయండి.

మళ్లీ ఆన్ చేసేటప్పుడు

అన్ని కాల్స్ రికార్డ్ చేసే సెట్టింగ్‌కు మళ్లీ వెళ్లకండి. శాంసంగ్‌లో ఎంచుకున్న నంబర్లకే, లేదా సేవ్ చేయని నంబర్లకే రికార్డింగ్ పెట్టుకోవచ్చు. గూగుల్ ఫోన్ యాప్‌లో అయితే పాతవి 7, 14 లేదా 30 రోజులకు వాటంతటవే పోయేలా పెట్టుకోవచ్చు. అక్కడ ముఖ్యమైన కాల్ ఏదైనా వస్తే ఆ గడువులోపే షేర్ చేసి దాచుకోవాలి.

ఎవరి నంబరు ఎంచుకున్నారో వాళ్లకు ఆ మాట చెప్పండి. అవతలివాళ్లకు తెలియకుండా రికార్డ్ చేయడం చాలా చోట్ల చట్టప్రకారం తప్పు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఫోల్డర్‌లో మనం ఫోన్‌లో చెప్పిన కార్డు నంబర్లు, జబ్బుల సంగతులు, ఇంటి గొడవలు అన్నీ ఉంటాయి. ఫోన్‌లోని ఏ యాప్‌కైనా మ్యూజిక్, ఆడియో అనుమతి ఇచ్చి ఉంటే అది ఆ ఫైళ్లను చదవగలదు. సెట్టింగ్స్‌లో పర్మిషన్ల జాబితా తెరిచి, పాటల ప్లేయర్ లాంటి అవసరమున్నవాటికి తప్ప మిగతావాటికి ఆ అనుమతి తీసేయండి. ఫోన్ రిపేర్‌కు ఇచ్చే ముందు కూడా ఆ ఫోల్డర్‌ను ఒకసారి చూసుకోండి.

అన్నయ్య ఇప్పుడు అమ్మ నంబరు ఒక్కదానికే రికార్డింగ్ ఆన్ చేసుకున్నాడు. ముందే అమ్మకు చెప్పాడు. "సరేలే, ఉంచుకో" అంది ఆమె.